బాక్టీరియా మధ్య జన్యువుల బదిలీ: సంయుగ్మం, జన్యు పరివర్తన, జన్యు వహనం

బాక్టీరియాకు జన్యువులు రెండు దారుల్లో వస్తాయి. తల్లి కణం రెండుగా చీలినప్పుడు వారసత్వంగా వచ్చేది మొదటి దారి. పక్కనున్న మరో బాక్టీరియా నుంచి, అది వేరే జాతిదైనా సరే, జీవితం మధ్యలో వచ్చి చేరేది రెండోది. ఈ రెండోదాన్ని క్షితిజ జన్యు బదిలీ అంటారు. ఇది ప్రధానంగా మూడు పద్ధతుల్లో జరుగుతుంది. రెండు కణాలు ఒకదాన్నొకటి తాకి డీఎన్‌ఏను అందించుకుంటే అది సంయుగ్మం. చచ్చిన కణం నుంచి బయటపడి నీటిలో ఉన్న డీఎన్‌ఏను మరో కణం లోపలికి లాక్కుంటే జన్యు పరివర్తన. బాక్టీరియాకు సోకే వైరస్, అంటే ఫాజ్, ఆ డీఎన్‌ఏను మోసుకొస్తే జన్యు వహనం.

వీటిలో మొదట బయటపడింది జన్యు పరివర్తన. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ వేడితో చంపిన న్యుమోకాకస్‌ను, రోగం కలిగించలేని సజీవ న్యుమోకాకస్‌తో కలిపి ఎలుకల్లోకి ఎక్కించినప్పుడు, చచ్చినదాని లక్షణం బతికున్నదానికి వచ్చింది. ఆ లక్షణాన్ని మోసింది డీఎన్‌ఏ అని 1944లో ఏవరీ, మెక్లియడ్, మెకార్టీ నిరూపించారు. సంయుగ్మాన్ని 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ ఎశ్చరీషియా కోలైలో కనిపెట్టారు. జన్యు వహనాన్ని 1952లో జిండర్, లెడర్‌బర్గ్ సాల్మొనెల్లాలో గుర్తించారు.

మూడింటినీ వేరుచేసి చూపే పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే రూపుదిద్దుకున్నాయి, నేటికీ వాడుకలో ఉన్నాయి. 1950లో బెర్నార్డ్ డేవిస్ యు ఆకారపు గాజు గొట్టం అడుగున బాక్టీరియా దాటలేని సన్నటి వడపోత పెట్టి, రెండు వైపులా రెండు రకాల ఎశ్చరీషియా కోలైని పెంచాడు. ద్రవం అటూ ఇటూ పారినా జన్యువులు మారలేదు. కణాలు తాకితేనే బదిలీ జరుగుతుందని, అంటే అది సంయుగ్మమని తేలింది. జిండర్ ఇదే గొట్టంలో సాల్మొనెల్లాను పెంచినప్పుడు వడపోతను దాటి కూడా బదిలీ జరిగింది. డీఎన్‌ఏను నమిలేసే డీఎన్‌ఏజ్ ఎంజైమ్‌ను కలిపినా ఆగలేదు. ఫాజ్ ప్రోటీన్ కవచంలో దాగిన డీఎన్‌ఏ ఎంజైమ్‌కు చిక్కకపోవడమే దానికి కారణం. వడపోత దాటి జరిగే బదిలీ డీఎన్‌ఏజ్ కలపగానే ఆగిపోతే అది పరివర్తన.

ప్రయోగశాలలో తేలిగ్గా కనిపించే ఈ విభజన చెరువు బురదలోనో మురుగు కాలువలోనో అంత తేలిక కాదు. అక్కడ మూడు దారులూ ఒకేసారి తెరిచి ఉంటాయి. తెలంగాణలో ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న చోటు హైదరాబాద్‌కు వాయవ్యాన ఉన్న పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం.

పటాన్‌చెరు, కాజీపల్లి

పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రానికి దాదాపు 90 బల్క్ డ్రగ్ కర్మాగారాల నీరు వచ్చేది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ప్రకటించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కనిపించే గరిష్ఠ స్థాయి కన్నా ఇది ఎక్కువ. శుద్ధి కేంద్రం నుంచి వేరుచేసిన 93 రకాల బాక్టీరియాను 39 యాంటీబయోటిక్‌లతో పరీక్షించిన ఫలితాలు 2013లో వచ్చాయి. వాటిలో 86 శాతం రకాలు 20 లేదా అంతకన్నా ఎక్కువ మందులను తట్టుకున్నాయి. 95 శాతం రకాల్లో ఇంటిగ్రాన్‌లు ఉన్నాయి. ఇంటిగ్రాన్ అంటే నిరోధక జన్యువులను వరసగా చేర్చుకునే డీఎన్‌ఏ భాగం. అది సొంతంగా ఒక కణం నుంచి మరో కణానికి పోలేదు. ప్లాస్మిడ్ మీదనో ట్రాన్స్‌పోజాన్ లోపలో ఉంటేనే ప్రయాణిస్తుంది. కనుక ఇంటిగ్రాన్‌లు ఇంత విరివిగా కనిపించడం బదిలీకి ఆనవాలే కానీ, ఏ దారిలో జరిగిందో చెప్పదు.

శుద్ధి చేసిన నీరు చేరే ఇసుకవాగు అడుగు మట్టిలోని మొత్తం డీఎన్‌ఏను చదివిన అధ్యయనం 2011లో వెలువడింది. నీరు కలిసే చోటుకు ఎగువనా దిగువనా నమూనాలు తీశారు. సల్ఫా మందులు, ఫ్లోరోక్వినొలోన్‌లు, స్ట్రెప్టోమైసిన్ కుటుంబం మందులకు ఎదురు నిలిచే జన్యువులు పెద్ద మొత్తంలో దొరికాయి. వాటితో పాటు ప్లాస్మిడ్‌లు, ట్రాన్స్‌పోజాన్‌లు, ఇంటిగ్రాన్‌ల ఆనవాళ్లు కూడా కనిపించాయి. ఇసుకవాగు నక్కవాగులోకి, అది మంజీరలోకి, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలోకి చేరుతుంది.

సంయుగ్మం

డీఎన్‌ఏ జాబితా ఎంత పొడవున్నా అది బదిలీని కళ్లతో చూపదు. జన్యువు బురదలో ఉండడం వేరు, బతికున్న మరో బాక్టీరియాలోకి కదిలి పనిచేయడం వేరు. రెండో విషయాన్ని పటాన్‌చెరు ప్రాంతంలోని కాజీపల్లి చెరువు మట్టితో చేసిన ప్రయోగం 2015లో చూపించింది. అందులోని ప్లాస్మిడ్‌లను ప్రయోగశాల ఎశ్చరీషియా కోలైలోకి పట్టారు. సిప్రోఫ్లాక్సాసిన్ వర్గానికి నిరోధం ఇచ్చే కొత్త ప్లాస్మిడ్‌లు దొరికాయి. అవి ఇంక్-ఎ/సి, ఇంక్-ఎన్ అనే రెండు వర్గాలవి.

ఆ ప్లాస్మిడ్‌లు కదిలిన తీరు ఇది. దాత కణం గోడలో ప్రోటీన్‌లతో కట్టిన ఒక యంత్రం ఉంటుంది. దాన్ని నాలుగో రకపు స్రావ వ్యవస్థ అంటారు. దాత, గ్రహీత కణాలు దగ్గరపడగానే రిలాక్సేజ్ అనే ఎంజైమ్ ప్లాస్మిడ్‌లో బదిలీ మొదలయ్యే బిందువు దగ్గర ఒక పోగును తెంపి, తెగిన కొసకు తానే అతుక్కుంటుంది. ఆ ఒంటిపోగు గ్రహీతలోకి జారుతుంది. దాతలో మిగిలిన పోగుకు, గ్రహీతలో చేరిన పోగుకు రెండు చోట్లా జత పోగులు తయారవుతాయి. ఎశ్చరీషియా కోలైలో ఈ వేగం నిమిషానికి సుమారు 45,000 న్యూక్లియోటైడ్‌లు. లక్ష బేస్ జతల ఎఫ్ ప్లాస్మిడ్ దాటడానికి రెండు నిమిషాలు పైగా పడుతుంది.

దాత తన ప్రతిని పోగొట్టుకోదు, గ్రహీత తానే కొత్త దాతగా మారుతుంది. ఈ లక్షణం మిగతా రెండు దారుల్లో మామూలుగా ఉండదు. పరివర్తనలో దాత చచ్చిన కణం. జన్యు వహనంలో దాత సాధారణంగా ఫాజ్ దెబ్బకు పగిలిపోతుంది. సంయుగ్మంలో దాతలు క్షణక్షణానికి పెరుగుతూ పోతాయి. పైగా ఒక్కసారి దాటిన ప్లాస్మిడ్‌లో అయిదారు మందుల నిరోధం కలిసి ఉండవచ్చు. గ్రహీత క్రోమోజోమ్‌తో దానికి పోలిక అవసరం లేదు, ఎందుకంటే ప్లాస్మిడ్ తనంతట తానే ప్రతులు తీసుకుంటుంది. అందుకే దూరపు జాతుల మధ్య జన్యువులు చేరడంలో ఈ దారిదే పైచేయి.

సంయుగ్మానికి హద్దులూ ఉన్నాయి. ఒకే వర్గం ప్లాస్మిడ్‌లు రెండు ఒకే కణంలో కలకాలం నిలవలేవు. ఇంక్ అనే వర్గీకరణ పుట్టింది ఈ పొసగకపోవడం నుంచే. కణం ఉపరితలంలోని కొన్ని ప్రోటీన్‌లు, అదే ప్లాస్మిడ్ ఉన్న మరో దాతను దగ్గరికి రానివ్వవు. కొన్ని చిన్న ప్లాస్మిడ్‌లకు స్రావ వ్యవస్థ అనే వంతెనను కట్టే జన్యువులే ఉండవు. దాదాపు 8,700 బేస్ జతల ఆర్‌ఎస్‌ఎఫ్ 1010 అటువంటిది. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్ నిరోధక జన్యువులను మోసే ఈ ప్లాస్మిడ్, అదే కణంలో ఉన్న మరో ప్లాస్మిడ్ కట్టిన వంతెన మీదుగా దాటిపోతుంది.

ప్లాస్మిడ్‌లను పట్టడం, పొరపడే చోట్లు

మట్టి నుంచి ప్లాస్మిడ్ పట్టే పద్ధతిలో దాతను పెంచాల్సిన పని లేదు. బురదలోని చాలా బాక్టీరియా ప్రయోగశాలలో పెరగదు కాబట్టి ఇది పెద్ద సౌలభ్యం. మట్టి నుంచి కడిగి తీసిన బాక్టీరియాను, రిఫాంపిసిన్ తట్టుకునే ఎశ్చరీషియా కోలై గ్రహీతతో కలిపి వడపోత కాగితం మీద పరిచి, పోషక పదార్థం మీద ఉంచుతారు. ద్రవంలో తేలే కణాల కన్నా కాగితం మీద ఒత్తుగా ఉన్న కణాలు ఎక్కువసేపు తాకుతూ ఉంటాయి. తర్వాత వాటిని విడదీసి, రిఫాంపిసిన్‌తో పాటు పరీక్షించే యాంటీబయోటిక్ కూడా ఉన్న పళ్లెం మీద పరుస్తారు. రెండు మందులనూ తట్టుకున్న కాలనీయే ప్లాస్మిడ్ అందుకున్న గ్రహీత.

ఇక్కడ మందు మోతాదు ఎంచడంలోనే మొదటి చిక్కు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగే మామూలు ఎశ్చరీషియా కోలై లీటరుకు సుమారు 0.015 మిల్లీగ్రాములకే ఆగిపోతుంది. ప్లాస్మిడ్ మీద వచ్చే క్యూఎన్ఆర్ కుటుంబం జన్యువులు గైరేజ్ ఎంజైమ్‌ను మందు నుంచి కొంతవరకే కాపాడతాయి. ఆ హద్దును పదుల రెట్లు పెంచినా, అది తరచూ 1 మిల్లీగ్రాముకు లోపే ఉంటుంది. పళ్లెంలో 2 మిల్లీగ్రాములు వేస్తే ప్లాస్మిడ్ వచ్చిన కణాలు కూడా చచ్చిపోయి, బదిలీయే లేదన్న తప్పుడు తీర్పు వస్తుంది.

రెండో చిక్కు ఉత్పరివర్తనాలది. ఒక ఉదాహరణ తీసుకుందాం. పళ్లెం మీద 10 కోట్ల గ్రహీతలు పరిస్తే 200 కాలనీలు వచ్చాయనుకుందాం. లెక్కకు అది 10 లక్షల గ్రహీతలకు 2 బదిలీలు. అయితే గైరేజ్ జన్యువులో దానంతటదే మార్పు వచ్చి మందును తట్టుకునే కణాలు సుమారు 10 కోట్లకు ఒకటి, లేదా అంతకన్నా తక్కువగా పుడుతూనే ఉంటాయి. కనుక మట్టి బాక్టీరియా కలపని ఒంటరి గ్రహీతను కూడా పక్క పళ్లెం మీద పరచాలి. అక్కడ ఒకటో రెండో కాలనీలు వస్తే 200లో ఎక్కువ భాగం బదిలీలేనని నమ్మవచ్చు. అక్కడ కూడా 150 వస్తే ఆ ప్రయోగం ఏమీ చెప్పనట్టే. బదిలీ రేటు ఉత్పరివర్తన రేటు దాకా పడిపోతే కాలనీల లెక్క ఎందుకూ పనికిరాదు. అప్పుడు ఒక్కో కాలనీలో ప్లాస్మిడ్ ఉందో లేదో వెలికితీసి చూడాలి. గ్రహీత నుంచి అది మరో గ్రహీతకు మళ్లీ దాటితే సందేహం తీరినట్టే.

మట్టి బాక్టీరియాలో కొన్ని రిఫాంపిసిన్‌ను పుట్టుకతోనే తట్టుకుంటాయి. అవి గ్రహీత వేషంలో కాలనీలు కడతాయి. దీన్ని పసిగట్టడానికి ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ ఉన్న గ్రహీతను వాడతారు. అతినీలలోహిత కాంతిలో మెరవని కాలనీలను లెక్కలోంచి తీసేస్తారు.

జన్యు పరివర్తన

చచ్చిన కణాల డీఎన్‌ఏ బురదలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని లోపలికి తీసుకునే సామర్థ్యం మాత్రం అన్ని బాక్టీరియాకు ఉండదు. ఉన్నవాటికి కూడా అది అన్నివేళలా తెరిచి ఉండదు. ఈ విషయం బాగా తెలిసింది కలరా కలిగించే విబ్రియో కలరేలో. 1992లో మద్రాసులో మొదలై, మరుసటి ఏడు బంగాళాఖాతం తీరం వెంట కలకత్తా, బంగ్లాదేశ్ దాకా పాకిన కలరా, ఓ-139 అనే కొత్త రకం వల్ల వచ్చింది. అంతకుముందు మహమ్మారులన్నీ ఓ-1 రకానివి. ఓ-1 సోకి రోగనిరోధక శక్తి వచ్చిన పెద్దవాళ్లకు కూడా కొత్త రకం సోకింది. రెండింటికీ ప్రధానమైన తేడా కణం పైపూతను తయారుచేసే జన్యువుల గుంపులో ఉంది.

విబ్రియో పీతలు, రొయ్యల పెంకుల మీద నివసిస్తుంది. ఆ పెంకులోని కైటిన్ తగిలినప్పుడే అది డీఎన్‌ఏను లాక్కునే స్థితికి వస్తుందని 2005లో తెలిసింది. పక్కన సాటి విబ్రియోలు తగినన్ని ఉన్నాయని రసాయన సంకేతాలు చెప్పడం కూడా అవసరం. అప్పుడు కణం నుంచి సన్నటి పిలస్ చాచి, డీఎన్‌ఏను పట్టి, వెనక్కి ముడుచుకుంటుంది. ఒక పోగు మాత్రమే లోపలికి వెళుతుంది, రెండోది ముక్కలవుతుంది. లోపలికి చేరిన పోగు రెక్-ఎ ప్రోటీన్ సాయంతో క్రోమోజోమ్‌లో తనను పోలిన చోటు వెతుక్కుని అక్కడ కూర్చుంటుంది. 2007లో బ్లొకెష్, స్కూల్నిక్ కైటిన్ మీద ఓ-1 విబ్రియోకు ఓ-139 డీఎన్‌ఏ అందించి, పైపూత జన్యువుల గుంపు మొత్తం ఒక్క అడుగులో మారి ఓ-139గా మారేలా చేశారు. మద్రాసులో జరిగిందీ ఇదేనని ఆ ప్రయోగం నిరూపించదు. అలా జరగగలదని మాత్రం చూపింది.

కొత్త గుంపు రెండు పక్కలా పోలిక గల జన్యువులు ఉండబట్టే ఆ మార్పు కుదిరింది. ఈ పోలికే పరివర్తనకు గట్టి హద్దు. పోలిక లేని డీఎన్‌ఏ క్రోమోజోమ్‌లో చోటు దొరక్క కరిగిపోతుంది. ప్లాస్మిడ్ ఒంటిపోగుగా ముక్కలై వస్తే మళ్లీ వలయంగా కూడడం అరుదు. కాబట్టి పరివర్తన ప్రధానంగా దగ్గరి చుట్టాల మధ్య జన్యువులను అటూ ఇటూ మారుస్తుంది. ప్లాస్మిడ్‌లు మోయని క్రోమోజోమ్ మార్పులను చేరవేయడంలో దీనికి సాటి లేదు. న్యుమోకాకస్‌లో పెనిసిలిన్ నిరోధం ఈ దారిలోనే వచ్చింది. దాని పెనిసిలిన్ బంధక ప్రోటీన్ జన్యువుల్లో కొన్ని ముక్కలు సొంతవి, కొన్ని గొంతులో నివసించే స్ట్రెప్టోకాకస్ మైటిస్ వంటి చుట్టాలవి.

జన్యు వహనం

ఫాజ్ కణంలో పెరిగేటప్పుడు తన డీఎన్‌ఏను ప్రోటీన్ తలల్లో కుక్కుకుంటుంది. అప్పుడప్పుడు పొరపాటున బాక్టీరియా డీఎన్‌ఏ ముక్క తలలో పడుతుంది. ఆ తల తర్వాతి కణానికి అతుక్కుని, ఫాజ్ జన్యువులకు బదులు పాత బాక్టీరియా జన్యువులను లోపలికి వదులుతుంది. దీన్ని సామాన్య జన్యు వహనం అంటారు. ఒకసారి ఎంత మోయగలదో తల పరిమాణమే తేలుస్తుంది. సాల్మొనెల్లా ఫాజ్ పి-22 దాదాపు 44,000 బేస్ జతలు మోస్తే, పి-1 లక్ష దాకా మోస్తుంది. అంటే పెద్ద సంయుగ్మ ప్లాస్మిడ్‌లు చాలా ఫాజ్ తలల్లో పట్టవు. క్రోమోజోమ్‌లో ఒక నిర్దిష్ట చోట దాగి, బయటికి వచ్చేటప్పుడు పక్క జన్యువులను కూడా తెంపుకొచ్చే ఫాజ్‌లది విశిష్ట జన్యు వహనం. లాంబ్డా ఫాజ్ దీనికి పాఠ్యపుస్తకాల ఉదాహరణ.

కలరా విషంలో ఫాజ్ పాత్ర ఈ రెండింటికీ కాస్త భిన్నం. విష జన్యువు విబ్రియోది కాదు, సీటీఎక్స్ అనే దారం లాంటి ఫాజ్‌దని 1996లో వాల్డర్, మెకలనోస్ చూపారు. పొరపాటున మోసిన సరుకు కాదు, ఫాజ్ సొంత జన్యువే అతిథేయికి కొత్త గుణం ఇస్తుంది. ఈ ఫాజ్ కణాన్ని పగలగొట్టకుండా బయటికి వస్తుంది. లోపలికి రావడానికి మాత్రం విబ్రియో పేగులో అతుక్కోవడానికి వాడే ఒక పిలస్ ఉండాలి. ఆ పిలస్ లేని విబ్రియోకు ఈ ఫాజ్ సోకడం చాలా అరుదు. ఫాజ్ దారికి హద్దు ఇదే. డీఎన్‌ఏ ఎంత భద్రంగా ఉన్నా, తలుపు తెరిచే గ్రాహకం గ్రహీత మీద లేకపోతే బదిలీ లేదు. నీటిలో డీఎన్‌ఏజ్ ఎంత ఉన్నా ఫాజ్ డీఎన్‌ఏ చెడదు. దాత, గ్రహీత ఒకే చోట, ఒకే రోజున ఉండాల్సిన పని కూడా లేదు. మొదటి విషయంలో పరివర్తన, రెండో విషయంలో సంయుగ్మం దీనికి సాటిరావు.

యాంటీబయోటిక్‌ల ప్రభావం

మందు నిరోధక కణాలను ఏరి మిగల్చడమే కాక, బదిలీని కూడా కదిలిస్తుంది. మద్రాసు ఓ-139లో ఎస్ఎక్స్‌టీ అనే దాదాపు లక్ష బేస్ జతల భాగం ఉంది. సల్ఫా, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్ నిరోధం దానిలోనే ఉంది. మామూలుగా క్రోమోజోమ్‌లో అతికి ఉండి, అవసరమైనప్పుడు వలయంగా విడివడి సంయుగ్మంతో దాటుతుంది. బదిలీని అణచే ఒక ప్రోటీన్ దాన్ని నిద్రలో ఉంచుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందు కణం డీఎన్‌ఏను దెబ్బతీసినప్పుడు కణంలో అత్యవసర స్పందన మొదలై ఆ ప్రోటీన్ తెగిపోతుంది. దాంతో ఎస్ఎక్స్‌టీ బదిలీ పెరుగుతుందని 2004లో వాల్డర్ బృందం చూపింది. సీటీఎక్స్ ఫాజ్ కూడా అదే స్పందనతో మేల్కొంటుంది. ఒకే మందు రెండు దారులనూ తెరుస్తుంది.

పటాన్‌చెరు నీటిలో ఎక్కువగా కనిపించింది ఈ సిప్రోఫ్లాక్సాసినే కావడం గమనించాలి. అయితే అక్కడి బురదలో ఈ మేల్కొలుపు నిజంగా బదిలీని పెంచిందని ప్రయోగశాల ఫలితాల నుంచి చెప్పలేం. లీటరుకు మిల్లీగ్రాముల మోతాదులో చాలా దాతలు చచ్చిపోతాయి. చచ్చిన కణం వంతెన కట్టదు, దాని డీఎన్‌ఏ మాత్రం పరివర్తనకు నీటిలో మిగులుతుంది. బదిలీని ప్రేరేపించే మోతాదు సాధారణంగా కణాన్ని చంపే మోతాదుకు కాస్త కింద ఉంటుంది. కనుక వాగులో అటువంటి చోటు వ్యర్థజలం కలిసే బిందువు కన్నా, నీరు పలచబడే దిగువ భాగం కావచ్చు.

జరిగిపోయిన బదిలీల దారి

కాజీపల్లి ప్రయోగం చూపింది సంయుగ్మాన్ని. గ్రహీత ఎశ్చరీషియా కోలై కాబట్టి, అందులో బతకలేని ప్లాస్మిడ్‌లు ఆ వలలో పడవు. ఎశ్చరీషియా కోలై మామూలు పరిస్థితుల్లో డీఎన్‌ఏను సహజంగా లాక్కోదు గనుక, పరివర్తన కూడా పడదు. బురదలో గతంలో జరిగిన బదిలీలను మరో విధంగా, డీఎన్‌ఏ వరసల అంచులను చదివి గుర్తిస్తారు. నిరోధక జన్యువు పక్కన రిలాక్సేజ్, బదిలీ మొదలయ్యే బిందువు, స్రావ వ్యవస్థ జన్యువులు కనిపిస్తే సంయుగ్మం. దూరపు జాతి ముక్క క్రోమోజోమ్‌లో ఇంటిగ్రేజ్ జన్యువుతో పాటు ఒక టీఆర్ఎన్‌ఏ జన్యువు అంచున కూర్చుని, పక్కన ఫాజ్ తల, తోక ప్రోటీన్‌ల జన్యువులు ఉంటే ఫాజ్ వచ్చిన దారి. వీటిలో ఏదీ లేకుండా, ఒకే జన్యువు లోపల కొంత భాగం సొంతదీ కొంత దగ్గరి చుట్టం నుంచి వచ్చినదీ అతుకులు అతుకులుగా ఉంటే పరివర్తన అనుమానించాలి. సామాన్య జన్యు వహనం కూడా సరిగ్గా ఇటువంటి అతుకులనే మిగులుస్తుంది. ఫాజ్ తలలో వచ్చిన ముక్క క్రోమోజోమ్‌లో చేరాక, ఫాజ్ తన గుర్తేదీ వదలదు. ఆ రెండింటినీ వరసల నుంచి వేరుచేయడం కష్టం. గ్రహీత జాతికి డీఎన్‌ఏ లాక్కునే సామర్థ్యం ఉందా, మారిన ముక్క ఫాజ్ తలలో పట్టేంత చిన్నదేనా అన్న రెండు ప్రశ్నలతో అప్పుడు తీర్పు చెప్పాల్సి ఉంటుంది.